డాబా మీది ఎండ, కరెంటు బిల్లులోని పై మెట్టు

నేను తెనాలిలో ఇళ్ల డాబాల మీద సోలార్ పలకలు బిగించే పని చేస్తాను. పనికి పిలిచిన ఇంట్లో గుమ్మం దాటగానే నాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఎన్ని కిలోవాట్లు పెడితే మాకు బిల్లు సున్నా అవుతుందండీ?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం తేలికే. కానీ చాలామంది డబ్బు ఎక్కువ పెట్టేది ఆ ప్రశ్న దగ్గరే. అందుకే ముందు మీ బిల్లును ఒకసారి కలిసి చదువుదాం.

మన ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ల కరెంటు ధర మెట్లు మెట్లుగా ఉంటుంది. 2025-26 టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లు ఒక్కొక్కటి 1 రూపాయి 90 పైసలు. అక్కడి నుంచి 75 దాకా 3 రూపాయలు, 125 దాకా నాలుగున్నర, 225 దాకా 6 రూపాయలు. 225 దాటిందంటే ఒక్కసారిగా 8 రూపాయల 75 పైసలు. 400 పైన 9 రూపాయల 75 పైసలు. ఒకే తీగలో వచ్చిన కరెంటే, ఒకే ఫ్యాను తిరిగింది, కానీ నెల మొదట్లో తిరిగిన ఫ్యానుకు ఒక ధర, నెలాఖరున తిరిగిన ఫ్యానుకు దానికి నాలుగింతలకు పైగా ధర. సోలార్ పలకలు ఈ మెట్లను కింది నుంచి కాదు, పై నుంచి కోస్తూ వస్తాయి. ముందు పోయేది ఖరీదైన యూనిటే. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే ఎంత పెట్టాలో మీకే తెలిసిపోతుంది.

ఒక ఇంటి లెక్క చెబుతాను. మాస్టారుగా పనిచేసి రిటైరైన ఒకాయన ఇల్లు. దంపతులిద్దరు, కొడుకు, కోడలు, ఒక మనవరాలు. ఒక ఏసీ, ఫ్రిజ్, నీళ్ల మోటారు, మామూలు ఇల్లే. పన్నెండు నెలల బిల్లులు బల్ల మీద పరిచి కూడితే నెలకు సగటున 320 యూనిట్లు వచ్చింది. దాన్ని మెట్ల ప్రకారం పంచితే మొదటి 30కి 57 రూపాయలు, తరవాతి 45కి 135, ఆ పైన 50కి 225, ఇంకో 100కి 600, చివరి 95 యూనిట్లకు 831. మొత్తం 1,848 రూపాయలు. చూడండి, మొదటి 225 యూనిట్లకు 1,017 అయితే, ఆఖరి 95కే 831. స్థిర చార్జీలు, సుంకం, ఇంధన సర్దుబాటు ఇవి కాక.

మా ప్రాంతంలో ఒక కిలోవాటు సోలార్ ఏడాది పొడుగునా సగటు తీస్తే రోజుకు 4 యూనిట్లు ఇస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో కాస్త ఎక్కువ, ముసురు పట్టిన రోజుల్లో బాగా తక్కువ. 2 కిలోవాట్లు పెడితే నెలకు సగటున 240 యూనిట్లు. మాస్టారి 320లో నుంచి 240 తీసేస్తే మిగిలేది 80 యూనిట్లు. వాటికి 214 రూపాయలు. అంటే నెలకు 1,634 రూపాయలు మిగిలినట్టు.

అదే 3 కిలోవాట్లు పెడితే 360 యూనిట్లు. ఇంటి వాడకం మొత్తం పోయి ఇంకా 40 యూనిట్లు ఎక్కువే. బిల్లులో యూనిట్ల ధర సున్నా. వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ ఆ మూడో కిలోవాటు కొత్తగా ఆదా చేసింది ఎంత? మిగిలిన ఆ 214 రూపాయలే. ఎక్కువైన 40 యూనిట్లు గ్రిడ్డులోకి పోయి మన లెక్కలో జమ అవుతాయి. ఆ తరవాత కూడా వాడుకోకుండా మిగిలిపోతే వాటికి మనకు ఇచ్చే ధర, మనం పై మెట్టులో కొనే ధరకు దరిదాపుల్లో కూడా ఉండదు.

ఇప్పుడు ఖర్చు వైపు చూద్దాం. ఆ ఇంటికి నేను వేసిన లెక్క 2 కిలోవాట్లకు 1,35,000, 3 కిలోవాట్లకు 1,95,000. పీఎం సూర్య ఘర్ పథకం కింద కేంద్రం ఇచ్చే సబ్సిడీ మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 చొప్పున 60,000. మూడో కిలోవాటుకు 18,000. 3 కిలోవాట్లకు మొత్తం 78,000, అంతకు మించి ఎంత పెద్దది పెట్టినా అంతే. కాబట్టి మాస్టారికి 2 కిలోవాట్లకు చేతి నుంచి పడేది 75,000. నెలకు 1,634 మిగిలితే నాలుగేళ్లు నిండకుండానే తిరిగి వస్తుంది. మూడో కిలోవాటుకు అదనంగా పడేది 42,000. నెలకు 214 చొప్పున అది తిరిగి రావడానికి 16 ఏళ్లు పడుతుంది. సున్నా బిల్లు కోసం కడుతున్న ధర అదీ.

అలాగని మూడో కిలోవాటు ఎవరికీ వద్దని కాదు. వచ్చే ఏడు ఇంకో గదికి ఏసీ పెట్టిస్తామనుకునేవారికీ, కరెంటు స్కూటరు కొనేవారికీ, గ్యాసు మానేసి ఇండక్షన్ పొయ్యికి మారేవారికీ వాడకం పెరుగుతుంది. పెరిగిన యూనిట్లు మళ్లీ పై మెట్లు ఎక్కుతాయి. వాళ్లకు మూడోది దండగ కాదు. మాస్టారి ఇంట్లో అలాంటి ఆలోచన లేదు. 2 కిలోవాట్లే పెట్టాం. నెలకు 125 యూనిట్ల లోపు వాడే ఇంటికైతే నేను తొందరపడవద్దనే చెబుతాను. వాళ్లు కొనే యూనిట్లే చవక. పలకలు మిగిల్చేది కూడా ఆ చవక యూనిట్లనే.

బ్యాంకు అప్పు సంగతి కూడా చెప్పాలి. ఈ పథకం కింద 3 కిలోవాట్ల దాకా రెండు లక్షల వరకు పూచీకత్తు లేకుండా అప్పు ఇస్తున్నారు. వడ్డీ రిజర్వు బ్యాంకు రెపో రేటుతో ముడిపడి ఉంటుంది కాబట్టి మారుతూ ఉంటుంది. ఉదాహరణకు 70,000 అప్పు, ఆరున్నర శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకోండి, నెల వాయిదా 1,370 దాకా వస్తుంది. బిల్లులో మిగిలే 1,634 లోంచే అది కట్టుకోవచ్చు.

ఇంతవరకు చెప్పిన లెక్కంతా ఒక్క మాట మీద నిలబడి ఉంది. కిలోవాటుకు రోజుకు 4 యూనిట్లు అన్నాను కదా, అది నీడ పడని డాబాకు. నీడ పడితే ఆ లెక్క చెల్లదు. ఈ పాఠం నేను నేర్చుకున్నది ఒక ఇంట్లో నా వల్ల జరిగిన పొరపాటుతోనే.

ఆ ఇంటికి నేను వెళ్లింది మే నెలలో. డాబాకు ఆగ్నేయం మూలన సిమెంటు దిమ్మ మీద నీళ్ల ట్యాంకు. డాబా నుంచి కొలిస్తే ఆరడుగుల ఎత్తు. ఉదయం తొమ్మిదికి నిలబడి చూశాను. ట్యాంకు నీడ పడమటి వైపుగా, దక్షిణపు పిట్టగోడ వెంట పడుతోంది. ట్యాంకుకు వాయవ్యం వైపు స్థలమంతా ఎండే. అక్కడే నాలుగు పలకలు బిగించి వచ్చాం. వేసవి అంతా రోజుకు 8, 9 యూనిట్లు వచ్చాయి. డిసెంబరు వచ్చేసరికి ఆ ఇంటి అమ్మగారు ఫోన్ చేశారు. "బాబూ, మబ్బు లేదు, వాన లేదు, అయిదున్నర దాటడం లేదు. ఏమైనా పాడైందా?"

పాడవలేదు. సూర్యుడు దారి మార్చాడు, అంతే. వేసవిలో మన ప్రాంతంలో ఎండ దాదాపు నెత్తి మీద నుంచి వస్తుంది. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు. ఆ నెలలో ఉదయం తొమ్మిదింటికి ఆరడుగుల ట్యాంకు నీడ వాయవ్యంగా దాదాపు పదడుగుల పొడవు పడుతుంది. మధ్యాహ్నం పన్నెండింటికి కూడా ఐదడుగులు ఉత్తరానికి సాగుతుంది. మే నెలలో నేను చూసిన ఎండ నేల, డిసెంబరు పొద్దున నీడ నేల అయిపోయింది.

పలకలో నాలుగో వంతు మీద నీడ పడితే నాలుగో వంతే తగ్గుతుందనుకుంటాం. అలా జరగదు. పలకలన్నీ ఒకదాని వెనక ఒకటిగా తీగతో కలిపి ఉంటాయి. మన తెనాలి కాలవలో ఎక్కడో ఒక చోట తూడు పేరుకుంటే ఏమవుతుంది? కాలవ మిగతా పొడవంతా శుభ్రంగానే ఉన్నా కింది పొలాలకు నీళ్లు అందవు. పలకల్లో కరెంటు ప్రవాహమూ అంతే. పలక లోపల డయోడ్లని ఉంటాయి, నీడ పడిన భాగాన్ని పక్కకు తప్పించి కరెంటును ముందుకు పంపుతాయి. కానీ అప్పుడు ఆ భాగంలో ఎండ పడిన మిగతా గళ్ల కరెంటును కూడా వదులుకోవాల్సిందే. కొబ్బరి మట్ట నీడ, కేబుల్ టీవీ గొట్టం నీడ, పక్కింటి మెట్ల గది నీడ, ఏదైనా ఇదే నష్టం.

ఆ పలకలను నా ఖర్చుతోనే విప్పించి ఎనిమిదడుగులు పడమటికి జరిపాను. మర్నాటి నుంచే తేడా కనిపించింది. అప్పటి నుంచి ఏ ఇంటికి వెళ్లినా ట్యాంకు, మెట్ల గది, పిట్టగోడ, చుట్టుపక్కల చెట్లు, అన్నిటి ఎత్తూ టేపుతో కొలిచి, డిసెంబరు నీడ ఎంత దూరం వస్తుందో డాబా మీద సుద్దముక్కతో గీసి చూపిస్తాను. గీత లోపల ఒక్క పలక కూడా పెట్టను.

ఇప్పటికే పెట్టించుకున్నవారు మీ ఫోనులోనే నీడను పట్టుకోవచ్చు. ఇన్వర్టర్ కంపెనీ ఇచ్చే యాప్‌లో రోజు మొత్తం కరెంటు ఎలా పెరిగి తగ్గిందో ఒక గీతగా కనిపిస్తుంది. మబ్బు లేని రోజు ఆ గీత నున్నటి గుట్టలా ఉండాలి. మబ్బులు వచ్చిపోతుంటే రంపపు పళ్లలా ఉంటుంది, అది సహజం. పలకల మీద దుమ్ము పేరుకుంటే గుట్ట ఆకారం చెడదు, మొత్తం ఎత్తు తగ్గుతుంది. నీడ అయితే రోజూ ఒకే వేళకు గుట్టకు ఒక పక్క కొరికినట్టు ఉంటుంది. ఆ అమ్మగారి ఫోనులో పదిన్నర దాకా గీత నేల మీదే పాకి, ఆ తరవాత గోడ ఎక్కినట్టు లేచింది. అది చూడగానే నాకు తెలిసిపోయింది.

దుమ్ము మాట వచ్చింది కాబట్టి, పదిహేను రోజులకొకసారి తెల్లవారుజామున గాని, పొద్దుగూకాక గాని మెత్తటి గుడ్డతో కడగండి. మిట్టమధ్యాహ్నం కాలిన అద్దం మీద చన్నీళ్లు పోయవద్దు. ఉప్పు బోరు నీళ్లతో కడిగితే తెల్ల మచ్చలు కడతాయి, మంచినీళ్లే వాడండి.

ఇక కాగితాల పని. దీనికి భయపడి ఆగిపోయినవారిని చాలామందిని చూశాను. మొదటి అడుగు `pmsuryaghar.gov.in` అనే ప్రభుత్వ పోర్టల్‌లో మీ ఫోన్ నంబరుతో నమోదు కావడం. రాష్ట్రం, మీ విద్యుత్ పంపిణీ సంస్థ, బిల్లు మీద ఉండే సర్వీసు నంబరు ఇవ్వాలి. మా తెనాలి వైపు అది ఏపీసీపీడీసీఎల్. తరవాత ఎన్ని కిలోవాట్లో చెప్పి దరఖాస్తు పెడితే పంపిణీ సంస్థకు వెళుతుంది. 2024లో మారిన నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల లోపు దరఖాస్తుకు విడిగా సాంకేతిక పరిశీలన ఉండదు, ఆమోదించినట్టే లెక్క. మీ సర్వీసుకు మంజూరైన లోడు తక్కువగా ఉంటే దానికి తగ్గట్టు పెంచే బాధ్యత కూడా పంపిణీ సంస్థదే.

ఆ తరవాత పోర్టల్‌లో నమోదైన విక్రేతల్లో ఒకరిని మీరే ఎంచుకోవాలి. ఆ జాబితాలో లేనివారి చేత పెట్టిస్తే సబ్సిడీ రాదు. పలకలు కూడా మన దేశంలోనే, లోపలి సెల్ సహా, తయారైనవై ఉండాలి. వీటినే మేం డీసీఆర్ పలకలంటాం. పైకి చూస్తే బయటి దేశపు సెల్‌తో చేసినవీ ఇవీ ఒకేలా ఉంటాయి, ధరలో తేడా ఉంటుంది. ఎవరైనా మరీ తక్కువ ధర చెబితే, "డీసీఆర్ పలకలేనా? బిల్లు మీద అలా రాసిస్తారా?" అని అడగండి. ప్రతి పలక వెనకా సీరియల్ నంబరు ఉంటుంది. పైకి ఎక్కించక ముందే వాటిని ఫోటో తీసి మీ దగ్గర పెట్టుకోండి.

బిగింపు అయ్యాక విక్రేత వివరాలు, ఫోటోలు పోర్టల్‌లో ఎక్కిస్తాడు. నెట్ మీటరుకు దరఖాస్తు పెడతాం. కరెంటు ఆఫీసు నుంచి వచ్చి పని తనిఖీ చేసి, వచ్చే యూనిట్లూ పోయే యూనిట్లూ రెండూ లెక్కపెట్టే మీటరు బిగిస్తారు. అది అయ్యాక ప్లాంటు నడవడం మొదలైందని పోర్టల్‌లో నివేదిక వస్తుంది. అప్పుడు మీ బ్యాంకు ఖాతా వివరాలు, కొట్టేసిన చెక్కు ఒకటి ఎక్కించాలి. సబ్సిడీ మీ ఖాతాలోకే వస్తుంది, 30 రోజుల్లో రావాలని పథకం చెబుతుంది. ఆ డబ్బు విక్రేత ఖాతాలోకి రాదు. కాబట్టి సబ్సిడీ ఇప్పించడానికని ఎవరైనా విడిగా కమీషన్ అడిగితే ఇవ్వకండి.

ఇందులో పని ఆగిపోయేది ఎక్కువగా ఒకే చోట. సర్వీసు ఎవరి పేరున ఉంది? మన ఊళ్లలో చాలా ఇళ్లకు బిల్లు ఇంకా కాలం చేసిన తాతగారి పేరునో, నాన్నగారి పేరునో వస్తుంటుంది. బిల్లు మీద ఒక పేరు, ఆధార్ మీద ఒక పేరు, బ్యాంకు ఖాతాలో ఇంకో పేరు. పలకలు బిగించి, మీటరు వచ్చి, ఆఖరి మెట్టులో సబ్సిడీ దగ్గర ఇది బయటపడితే నెలలు గడిచిపోతాయి. అందుకని అన్నిటికంటే ముందు ఆస్తి కాగితాలు పట్టుకుని కరెంటు ఆఫీసులో పేరు మార్పు చేయించుకోండి. అది పూర్తయిన బిల్లు చేతికి వచ్చాకే దరఖాస్తు పెట్టండి. ఇంటిపేరు అక్షరాల్లో తేడా ఉన్నా అప్పుడే సరిచేయించుకోవడం మంచిది.

ఇంకొకటి ముందుగా తెలియాల్సింది. డాబా మీద సోలార్ ఉంది కదా, కరెంటు పోయినా మా ఇంట్లో లైటు వెలుగుతుందని చాలామంది అనుకుంటారు. బ్యాటరీ లేని మామూలు సోలార్ కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. అది లోపం కాదు, అలా తయారు చేసిందే. ఆ వేళకు స్తంభం మీద లైన్‌మన్ ఉండి ఉండవచ్చు, మన డాబా నుంచి కరెంటు తీగలోకి వెళితే ఆయన ప్రాణానికే ప్రమాదం. కోతల వేళ కోసం మీ పాత ఇన్వర్టర్, బ్యాటరీ ఉంచుకోండి.

ఇక మా వైపు నుంచి ఒక మాట. తెనాలి, దుగ్గిరాల, కొల్లిపర, వేమూరు వైపు ఎవరు కబురు చేసినా మేం ఇంటికి వచ్చి డాబా చూసి వెళతాం. దానికి రూపాయి తీసుకోం. వచ్చి గంటసేపు ఉంటాం. మీ 12 నెలల బిల్లులు చూసి ఏ మెట్టు దాకా కోయాలో లెక్క వేస్తాం. టేపు, సుద్దముక్కతో డిసెంబరు నీడ గీస్తాం. డాబా శ్లాబు ఎలా ఉందో, తుపాను గాలికి నిలిచేలా కాళ్లు ఎక్కడ దించాలో చూస్తాం. వడియాలు, మిరపకాయలు ఎండబెట్టుకునే చోటు పోకూడదనుకునే ఇంటికి ఏడడుగుల ఎత్తు ఫ్రేము వేస్తే ఖర్చు ఎంత పెరుగుతుందో చెబుతాం. ఏడాదికి ఎన్ని యూనిట్లు వస్తాయో, నెలకు ఎంత మిగులుతుందో, ధర ఎంతో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తాం. డాబా పనికిరాదనిపిస్తే ఆ మాటా అక్కడే చెబుతాం.

ఆ కాగితం తీసుకుని ఇంకో ఇద్దరు విక్రేతలను కూడా పిలిచి చూపించండి. ఎవరి దగ్గర పెట్టించుకున్నా నష్టం లేదు. కానీ నీడ కొలవకుండా, బిల్లులు చూడకుండా ఫోనులోనే కిలోవాట్లు చెప్పేవారికి మాత్రం అడ్వాన్సు ఇవ్వకండి. ఈ వారంలో పన్నెండు బిల్లులు వెతికి ఒకచోట పెట్టండి. బిల్లు మీద పేరు ఎవరిదో చూడండి. రేపు ఉదయం తొమ్మిదికి ఒకసారి డాబా ఎక్కి, ట్యాంకు నీడ ఎక్కడ పడుతోందో గీత గీసి ఉంచండి.